బిగుసుకుపోయిన బొటనవేలి కీలుకు గట్టి సోలు: షాంకా, పలకా, రాకరా?

తిరుపతిలో హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్న మా మేనమామకు 58 ఏళ్లు. రోజుకు పది గంటలు నిలబడి ఉంటారు, నెలకొకసారి శ్రీవారి మెట్టు దారిలో కొండ ఎక్కుతారు. రెండేళ్ల కిందట ఆయన కుడికాలి బొటనవేలు మొదట్లో పైవైపున ఒక బొడిపె లేచింది. ఆ తరువాత అడుగు వేసి మడమ లేపే క్షణంలో వేలి మొదట పోటు రావడం మొదలైంది. "నిలబడితే ఏమీ లేదు నాయనా, కాలు ముందుకేసేటప్పుడే నొస్తా ఉండాది" అని ఆయన అన్న మాటలోనే జబ్బు లక్షణమంతా ఉంది. ఎముకల రోగులకు ఊతపట్టీలు, పాదాలకు ఇన్‌సోళ్లు తయారుచేసే వృత్తిలో నేను చాలా కాలంగా ఉన్నాను. అయినా ఆయన నా దగ్గరకు వచ్చేసరికే మూడు రకాల పాదరక్షలు కొని, మూడింటినీ పక్కన పెట్టేశారు. ఆ మూడూ ఎందుకు పనికిరాలేదో తెలిస్తే, ఈ జబ్బు ఉన్నవారు దేన్ని ఎంచుకోవాలో చాలా వరకు తేలిపోతుంది కాబట్టి ఆయన అనుమతితో ఆ వివరాలతోనే ఈ పోలిక రాస్తున్నాను.

ఈ జబ్బును వైద్యులు హాలక్స్ రిజిడస్ అంటారు. బొటనవేలు పాదంతో కలిసేచోట ఉండే కీలులో మృదులాస్థి, ముఖ్యంగా దాని పైభాగంలో, అరిగిపోతుంది. అరిగినచోట కీలు అంచున కొత్త ఎముక పెరిగి బొడిపెలా పైకి లేస్తుంది. మనం నడిచేటప్పుడు మడమ నేలను వదిలిన తరువాత బొటనవేలు నేలకు ఆనుకునే ఉంటుంది, దాని వెనకున్న పాదం మాత్రం వేలి మీదుగా ముందుకు దొర్లుతుంది. ఆ దొర్లుడులో వేలి ఎముక పాదపు ఎముక పైవైపుకు జారాలి. సరిగ్గా ఆ దారిలోనే బొడిపె అడ్డంగా ఉంటుంది. తలుపు వెనక రాయి పడితే తలుపు కొంతవరకే తెరుచుకుని రాయికి తగిలి ఆగిపోయినట్టు, వేలు కూడా కొంతవరకే పైకి వంగి అక్కడ ఎముకకు ఎముక తగిలి ఆగుతుంది. మామూలు నడకకు ఈ కీలు పైవైపుకు సుమారు 40 నుంచి 60 డిగ్రీలు వంగాలి. మా మామయ్య కీలు కొలిస్తే 25 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. మిగిలిన డిగ్రీల కోసం ప్రతి అడుగులోనూ శరీరం బరువు ఆ రాయి మీదకు తలుపును నెడుతూ ఉంటుంది, అందుకే ఆ నొప్పి.

గట్టి సోలు ఈ కీలును నయం చేయదు. అరిగిన మృదులాస్థి దానివల్ల తిరిగి రాదు, బొడిపె కరగదు. అది చేసేది ఒక్కటే, వేలు వంగాల్సిన అవసరాన్ని తీసివేయడం. సోలు వంగకపోతే దానిమీద ఉన్న వేలు కూడా వంగదు. కాబట్టి పాదరక్షను ఎంచుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్న "ఇది ఎంత గట్టిది?" అని కాదు, "ఇది ఎక్కడ వంగుతుంది?" అని. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా తెలియకపోవడం వల్లనే మామయ్య మూడుసార్లు డబ్బు పోగొట్టుకున్నారు.

ముందుగా రెండు నొప్పులను విడదీయాలి

ఎంపికకు ముందు ఇంట్లోనే చేయదగిన చిన్న పరీక్ష ఒకటుంది. కూర్చుని, పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకుని, ఒక చేత్తో పాదాన్ని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో బొటనవేలిని నెమ్మదిగా పైకి వంచాలి. చివరికి చేరినప్పుడు మాత్రమే నొప్పి వస్తే అది వంపు నొప్పి. తరువాత వేలిని వంచకుండా, బొడిపె మీద చేతి బొటనవేలితో నొక్కి చూడాలి. అప్పుడు వచ్చేది రాపిడి నొప్పి, అంటే చెప్పు పట్టీ గాని బూటు పైతోలు గాని బొడిపెను ఒరుసుకోవడం వల్ల వచ్చేది. గట్టి సోలు మొదటిదానికే పనికొస్తుంది. రెండోదానికి కావలసింది ముందుభాగంలో ఎత్తు, మెత్తని పైతోలు, బొడిపె మీద కుట్టు లేని నమూనా. రెండూ ఉన్నవారు ఒకదాన్ని సరిచేసి రెండోదాన్ని మరిస్తే "పలక వేసుకున్నా తగ్గలేదు" అంటారు.

మూడో నొప్పి ఒకటి ఉంది, అది వేరే హెచ్చరిక. వేలిని చివరిదాకా వంచకముందే, మధ్యలో కొద్దిగా కదిలించినా నొప్పి వస్తుంటే, లేదా రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంటే, కీలు లోపలంతా అరిగిపోయిందని అనుమానించాలి. అప్పుడు సోలు కొంత ఉపశమనం ఇచ్చినా దానిమీదే ఆధారపడకుండా ఎముకల వైద్యుణ్ణి చూడాలి. అలాగే ఒక్క రాత్రిలో కీలు ఎర్రబడి, వేడెక్కి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అది యూరిక్ ఆమ్లం వల్ల వచ్చే గౌట్ కావచ్చు. అది కూడా ఇదే కీలును పట్టుకుంటుంది గాని దాని వైద్యం పూర్తిగా వేరు. మామయ్యకు రక్తపరీక్షలో యూరిక్ ఆమ్లం మామూలుగానే ఉంది, ఎక్స్‌రేలో కీలు సందు పైవైపున సన్నబడి బొడిపె స్పష్టంగా కనిపించింది, మధ్యలో కదిలిస్తే నొప్పి లేదు. గట్టి సోలుకు సరిగ్గా సరిపోయే కాలు ఆయనది.

పనికిరాని మూడు కొనుగోళ్లు

మొదట ఆయన కొన్నది బాగా మెత్తని, ఖరీదైన వాకింగ్ షూ. అమ్మినవారు "కాలికి దూదిలా ఉంటుంది" అన్నారు, అది నిజమే. మడమ నొప్పికి అది మంచిదే కావచ్చు. కాని అలాంటి బూట్లలో సోలు ముందుభాగాన్ని, వేళ్లు సులువుగా వంగాలని అడ్డంగా గాట్లు పెట్టి తయారుచేస్తారు. ఆ గాట్లు సరిగ్గా బొటనవేలి కీలు కిందే పడతాయి. మామూలు కాలికి వరమైన ఆ సులువు ఈ కాలికి శాపం, ఎందుకంటే ఆ బూటు ప్రతి అడుగులోనూ కీలును ఉన్నదానికన్నా ఎక్కువ వంగమంటుంది.

రెండోసారి ఆయన తన వ్యాపారానికి దగ్గరైన వస్తువునే నమ్ముకుని, ఇనుము ఉన్న సేఫ్టీ షూ వేసుకున్నారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. సేఫ్టీ షూలో ఇనుము రెండుచోట్ల ఉండవచ్చు. ఒకటి వేళ్ల పైన ఉండే టోపీ, అది బరువు మీద పడితే వేళ్లను కాపాడేది, దానికి వంపుతో సంబంధం లేదు. రెండోది సోలు లోపల పలుచని ఇనుప రేకు, అది మేకులు గుచ్చుకోకుండా ఆపేది. పనివాళ్లు వంగి లేవాలి కాబట్టి ఆ రేకును కూడా కావాలనే వంగేలా చేస్తారు. మామయ్యకు అయితే ఇనుప టోపీ వెనక అంచు బొడిపె మీదే ఒరుసుకుని రాపిడి నొప్పి కూడా తోడైంది.

మూడోది నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన పొరపాటు, ఎందుకంటే అది సరైన ఆలోచనతో మొదలై తప్పుగా ముగిసింది. ఎవరో "షాంక్ వేయించుకో" అన్నారు. ఆయన తన తోలు బూటును ఒక దుకాణంలో ఇచ్చి ఇనుప షాంక్ వేయించుకున్నారు. షాంక్ అంటే సోలు లోపల, మడమ దగ్గర మొదలై పాదం మధ్యభాగం వరకు ఉండే గట్టి బద్ద. ఇనుము, నైలాను, ఫైబర్‌గ్లాస్, ఏదైనా కావచ్చు. మామూలు తోలు బూట్లలో దాని పని పాదం వంపు భాగం కుంగిపోకుండా చూడటం. కాబట్టి అది పాదం ముందుభాగంలోని మెత్తకు కొద్దిగా వెనకనే ఆగిపోతుంది. వెనకంతా గట్టిగా, ముందు మెత్తగా ఉన్న సోలు మధ్యలో ఎక్కడా వంగలేక, గట్టిదనం ముగిసేచోటే మడత పడుతుంది. ఆ చోటు బొటనవేలి కీలు కిందిది. అంటే మామూలు షాంక్ ఈ జబ్బు ఉన్నవారికి వంపును తగ్గించకపోగా, అంతా తెచ్చి కీలు మీదే పోస్తుంది. ఈ కీలుకు షాంక్ మేలు చేయాలంటే అది మడమ నుంచి వేళ్ల కొనదాకా ఒకే బద్దగా ఉండాలి. ఈ మాటను పనివారికి స్పష్టంగా, బొటనవేలి కొన దగ్గర వేలు పెట్టి చూపించి చెప్పకపోతే, వారికి అలవాటైన పొట్టి షాంకే వేస్తారు.

ఏ బూటైనా కొనేముందు దుకాణంలోనే ఇది తేల్చుకోవచ్చు. ఒక చేత్తో మడమను, రెండో చేత్తో ముందు కొనను పట్టుకుని రెండిటినీ దగ్గరకు నొక్కాలి. కీలు ఉండేచోట సులువుగా మడత పడితే వదిలేయాలి. మధ్యలో, పాదం వంపు దగ్గర మడత పడితే అది అసలే మంచి బూటు కాదు. గట్టిగా నొక్కినా దాదాపు వంగకపోతే అప్పుడు ముందుకు వెళ్లవచ్చు.

పనికొచ్చే నాలుగు దారులు

మొదటిది, బూటు లోపల వేసుకునే పూర్తి పొడవు కార్బన్ ఫైబర్ పలక. సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్ల మందంతో ఉంటుంది కాబట్టి బూటులో పెద్దగా చోటు తినదు. ఉన్న ఇన్‌సోల్‌ను తీసి, కింద ఈ పలకను పరచి, మళ్లీ ఇన్‌సోల్ వేసుకుంటే సరిపోతుంది. దీని గొప్పదనం ఏమంటే ఒక బూటు నుంచి మరో బూటుకు మార్చుకోవచ్చు, బయటికి కనిపించదు, ఒక కాలికి మాత్రమే వేసినా రెండు కాళ్ల ఎత్తులో చెప్పుకోదగిన తేడా రాదు. ఆస్ట్రేలియాలోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ కీలు అరిగిన 100 మందితో, గట్టి కార్బన్ పలకలను, చూడటానికి అలాగే ఉండి గట్టిదనం లేని ఇన్‌సోళ్లను 12 వారాలపాటు పోల్చి 2021లో ఫలితాలు ప్రచురించారు. గట్టి పలకలు వేసుకున్నవారికి నొప్పి ఎక్కువ తగ్గింది. తేడా అద్భుతమేమీ కాదు గాని, మందు లేకుండా, కోత లేకుండా వచ్చిన తేడా కాబట్టి నేను మొదట దీన్నే ప్రయత్నించమంటాను.

రెండోది మోర్టన్ పొడిగింపు అనే పలక. ఇది పాదం వెనకభాగమంతా ఉండి, ముందు మాత్రం బొటనవేలి కింద ఒక నాలుకలా కొనదాకా సాగుతుంది, మిగిలిన నాలుగు వేళ్ల కింద ఏమీ ఉండదు. బొటనవేలు కదలదు, మిగతావి వంగుతాయి. కాబట్టి నడక అంత బిగుసుకుపోయినట్టుగా ఉండదు. కాగితం మీద ఇది అన్నిటికన్నా తెలివైన ఆలోచనలా కనిపిస్తుంది, కొందరికి నిజంగానే బాగా కుదురుతుంది. కాని బొటనవేలి కింద మాత్రమే గట్టి వస్తువు ఉండటం వల్ల ఆ వేలు కొద్దిగా పైకి ఎత్తినట్టు ఉంటుంది. కీలు బాగా బిగుసుకుపోయినవారికి ఆ కొద్ది ఎత్తే నొప్పి తెప్పించవచ్చు. అలాగే నొప్పిని తప్పించుకోవడానికి పాదం బయటి అంచు మీద నడిచే అలవాటు అప్పటికే పడినవారికి, ఈ పలక ఆ అలవాటును ఇంకా పెంచుతుంది. చెప్పు అరుగుదల చూస్తే ఈ అలవాటు తెలిసిపోతుంది. చిటికెన వేలివైపు అంచు ఎక్కువ అరిగి ఉంటే నేను మోర్టన్ జోలికి పోకుండా పూర్తి పలకే ఇస్తాను.

మూడోది రాకర్ సోలు, అంటే ముందుభాగం పడవ అడుగులా పైకి వంగి ఉండే గట్టి సోలు. ఇందులో పాదం వేళ్ల మీద వంగదు, సోలు మీద దొర్లుతుంది. గట్టిదనం కన్నా ఇక్కడ ఆ వంపు మొదలయ్యే చోటే కీలకం. దాన్ని కీలుకు ఒకటి రెండు సెంటీమీటర్లు వెనక మొదలుపెట్టాలి. ఉదాహరణకు 28 సెంటీమీటర్ల బూటులో కీలు మడమ నుంచి సుమారు 20 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, కాబట్టి దొర్లుడు 18 సెంటీమీటర్ల దగ్గర మొదలైతే కీలు వంగాల్సిన వేళకు పాదం అప్పటికే ముందుకు వాలిపోయి ఉంటుంది. కీలుకు ముందు మొదలైతే అది అందం కోసం పెట్టిన వంపు మాత్రమే. ఈ మధ్య చాలా స్పోర్ట్స్ షూలు ముందు కొన పైకి తిరిగినట్టు కనిపిస్తున్నాయి, కాని చేత్తో నొక్కితే మెత్తగా మడత పడతాయి. మెత్తని సోలుకు ఎంత వంపున్నా అది రాకర్ కాదు.

రాకర్‌కు రెండు ఇబ్బందులు ఉన్నాయి. దొర్లే సోలు మీద నిలకడ తక్కువ, అందువల్ల వయసు పైబడినవారు, మోకాళ్లు బలహీనంగా ఉన్నవారు మొదట్లో తూలవచ్చు. అదే విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు 2016లో రాకర్ బూట్లనూ, పాదాలకు వేసుకునే రెడీమేడ్ ఇన్‌సోళ్లనూ పోల్చినప్పుడు నొప్పి తగ్గడంలో రెండూ దాదాపు సమానంగానే పనిచేశాయి, కాని రాకర్ బూట్లను జనం తక్కువ సమయం వేసుకున్నారు, వాటితో ఇబ్బందులు కూడా ఎక్కువ చెప్పారు. రెండో ఇబ్బంది, ఒక బూటుకే రాకర్ అతికిస్తే ఆ కాలు పొడుగైపోతుంది. నొప్పి ఒక కాలికే ఉన్నా రెండో బూటు సోలును కూడా అంతే పెంచాలి, లేకపోతే కొన్ని వారాలకు నడుము నొప్పితో వస్తారు.

నాలుగోది, ఉన్న చెప్పుకో బూటుకో పూర్తి పొడవు షాంక్ వేయించి, కింద రాకర్ అతికించడం. ఖర్చులో ఇది చాలామందికి అందుతుంది, పైగా బూటు వేసుకోలేనివారికి, సాండల్ మాత్రమే వాడేవారికి ఇదే దారి. దీనిలో పని చేసేవారి చేతి నైపుణ్యమే అంతా. కేవలం జిగురుతో అతికించిన పొర విడిపోతే అంచు నేలకు తట్టుకుని పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి చుట్టూ కుట్టు వేయమని అడగాలి. బొటనవేలి పట్టీ ఉన్న చెప్పులు దీనికి పనికిరావు. చెప్పు జారకుండా ఉండాలని వేలు పట్టీని పట్టుకుంటూనే ఉంటుంది, ఆ పట్టుకు కీలు కదులుతుంది. మన పాత పావుకోళ్లు చూడండి, చెక్కతో చేసినవి కాబట్టి అస్సలు వంగవు, గట్టి సోలు అంటే అదే. కాని బొటనవేలితో గుబ్బను పట్టుకుని నడవాలి కాబట్టి ఈ జబ్బుకు అవి మంచివి కావు. మడమ వెనక పట్టీ ఉండి, పాదం పైన వెడల్పుగా బిగించుకునే సాండల్ కావాలి.

మామయ్యకు ఏది కుదిరింది

ఆయనకు 25 డిగ్రీల వంపు మిగిలి ఉంది, చెప్పు బయటి అంచు అరిగి ఉంది, రోజంతా నిలబడే పని. కాబట్టి పూర్తి పొడవు కార్బన్ పలకే తీసుకున్నాం. ముందు బూటు మార్చాం. లేసులు ఉండి, ముందుభాగం ఎత్తుగా, వెడల్పుగా ఉండి, సోలు కొన కొద్దిగా పైకి లేచి, చేత్తో నొక్కితే సగం గట్టిగా ఉన్నది ఎంచుకున్నాం. పలకను పాదం సైజు చూసి కాకుండా, బూటు నుంచి తీసిన ఇన్‌సోల్‌ను కాగితం మీద పెట్టి గీసి, దాని పొడవు కొలిచి తెప్పించాం. పలక పొట్టిదైతే దాని ముందు అంచు వేలి కిందే ఆగి అక్కడ కొత్త నొప్పి పుడుతుంది. పొడుగైతే బూటు లోపల బిగిసి మధ్యలో పైకి లేస్తుంది. కార్బన్ పలకను ఇంట్లో కత్తిరించడం మంచిది కాదు, అంచు పోగులు లేచి ఇన్‌సోల్‌ను, మేజోడును కోస్తాయి.

అయినా మొదటి పలక తప్పింది. అది పూర్తిగా చదునుగా ఉంది, బూటు లోపలి అడుగు మాత్రం మడమ దగ్గర ఎత్తుగా ఉండి కొన దగ్గర పైకి తిరిగి ఉంది. చదును పలక మడమ దగ్గరా, కొన దగ్గరా ఆని మధ్యలో గాలిలో వేలాడింది, అడుగు వేసినప్పుడల్లా టక్కుమని చప్పుడు చేసింది. మూడు రోజుల్లో రెండో వేలి మొదట్లో పాదం అడుగున మంట మొదలైందని ఆయన చెప్పారు. బరువు బొటనవేలి నుంచి పక్క వేలికి మారుతోందనడానికి అది గుర్తు. బూటు అడుగుకు తగ్గట్టు ముందుభాగం వంగి ఉన్న పలక మార్చాక చప్పుడూ పోయింది, మంట కూడా వారంలో తగ్గింది.

కొత్త పలకను మొదటి రోజు ఒక గంట, తరువాత రోజుకో గంట పెంచుకుంటూ వేసుకోమన్నాను. మొదటి వారం పిక్కల్లో పట్టేసినట్టు ఉందన్నారు, అది సహజం. వేలు చేసే పనిని సోలు చేస్తున్నప్పుడు మడమ లేపే కండరం వేరే విధంగా లాగుతుంది. మడమ బూటులోంచి జారుతోందని కూడా చెప్పారు. సోలు వంగనప్పుడు మడమతో పాటు బూటు లేవాలి గాని, లేసులు వదులుగా ఉంటే బూటు కిందే ఉండిపోయి మడమ ఒక్కటే లేస్తుంది. చీలమండ దగ్గరున్న చివరి రంధ్రంలోకి కూడా లేసు ఎక్కించి గట్టిగా కట్టి, బొడిపె మీదుగా వెళ్లే ఒక అడ్డ లేసును మాత్రం తీసేశాం. ఆరో వారానికి దుకాణంలో సాయంత్రం దాకా నిలబడి ఇంటికి నడిచి వెళ్లగలుగుతున్నానన్నారు. వేలును చేత్తో వంచితే అదే 25 డిగ్రీల దగ్గర అదే నొప్పి. పలక చేయగలిగింది అంతే, ఆయనకు కావలసింది కూడా అదే.

ఇక ఎవరికి ఏది అనే విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 15 డిగ్రీలో అంతకన్నా ఎక్కువో వంపు మిగిలి ఉండి, చివర్లోనే నొప్పి వచ్చేవారు పూర్తి పలకతో మొదలుపెట్టాలి. కీలు దాదాపు కదలనివారికి పలక ఒక్కటే చాలదు, ఎందుకంటే వంగని సోలు మీద దొర్లుడు కూడా లేకపోతే బల్ల మీద నడిచినట్టు ఉండి మోకాలికీ తుంటికీ శ్రమ పెరుగుతుంది. వారికి గట్టిదనమూ రాకర్ వంపూ కలిసి ఉన్న బూటే కావాలి. చిన్న వయసులో, మొదటి దశలో ఉండి, తరచుగా వేగంగా నడవాల్సినవారు మోర్టన్‌ను ప్రయత్నించవచ్చు. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు మాత్రం వీటిలో ఏదీ సొంతంగా వేసుకోకూడదు. గట్టి పలక అంచు ఒరుసుకుని పుండు పడినా వారికి తెలియకపోవచ్చు. వైద్యుడు పాదం పరీక్షించాకే, పైన మెత్తని పొర వేసి వాడాలి, ప్రతి రాత్రీ పాదం అడుగు అద్దంలో చూసుకోవాలి.

మూడు నెలలు సరైన పలక, సరైన బూటు క్రమంగా వాడినా నొప్పి తగ్గకపోతే శస్త్రచికిత్స గురించి అడగవచ్చు. బొడిపెను, కీలు పైఅంచును చెక్కివేయడం ఒక పద్ధతి, అది మిగిలిన మృదులాస్థి బాగున్నవారికి. కీలును శాశ్వతంగా అతికించివేయడం మరొకటి, అది పూర్తిగా అరిగినవారికి. అతికించిన తరువాత కూడా రాకర్ సోలు నడకను సులువు చేస్తుంది కాబట్టి ఇప్పుడు బూటు మీద పెట్టిన శ్రమ వృథా పోదు.

మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. బూటు గడప దగ్గరే విడుస్తాం, ఆ తరువాత ఇంట్లో గంటల తరబడి వట్టి కాళ్లతో తిరుగుతాం. పగలంతా కాపాడిన కీలును సాయంత్రం ఇంట్లో మళ్లీ వంచుతాం. మామయ్యకు ఇంట్లో వాడుకోవడానికి వేరుగా మందమైన, వంగని సోలు ఉన్న సాండల్ చేయించాం. నేల మీద గొంతుకూర్చునేటప్పుడు, మడమలు లేపి వేళ్ల మీద బరువు పెట్టేటప్పుడు కీలు నడకలో కన్నా ఎక్కువ వంగుతుంది, అందుకే పీట వేసుకుని కూర్చోమన్నాను. మోటారు సైకిలు గేరు పైకి లేపేటప్పుడు గేరు పెడల్ వేలి పైనున్న బొడిపెకు తగులుతుంది, ఆయన కుడికాలికి ఆ బాధ లేదు గాని ఎడమకాలికి ఈ జబ్బు ఉన్నవారు మడమతోనూ గేరు వేయగల రెండువైపుల పెడల్ ఉన్న బండి వాడటం మేలు.

కొండ విషయమే ఆయనకు అన్నిటికన్నా ముఖ్యం. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఉన్నాయి, అలిపిరి దారిలో 3,550. చాలామందిలాగే ఆయనకు కూడా చెప్పులు లేకుండానే ఎక్కే అలవాటు, దాన్ని మార్చమని నేను అడగలేదు. ఎక్కేటప్పుడు వేళ్ల మీద కాకుండా మడమతో సహా పాదమంతా మెట్టు మీద పెట్టి, మోకాలితో లేవమన్నాను. అప్పుడు కీలు పెద్దగా వంగదు. దిగేటప్పుడే ఇబ్బంది. ముందు కాలు కింది మెట్టు మీదకు వెళుతుండగా వెనక కాలి మడమ బరువుతోనే లేస్తుంది, కీలు బాగా వంగుతుంది. కుడికాలు ముందు దించి, ఎడమకాలిని దాని పక్కకే తెచ్చి, ఒక్కో మెట్టుగా దిగితే వెనక ఉండేది ఎడమకాలే కాబట్టి కుడి కీలు బతికిపోతుంది. కాని వేల మెట్లు అలా దిగడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే ఆయన ఇప్పుడు నడిచి ఎక్కి, బస్సులో దిగుతున్నారు. సంచిలో పలక ఉన్న బూట్లు పెట్టుకుని వెళ్లి, బస్టాండు దగ్గర వేసుకుంటున్నారు.